ప్రెస్సువాళ్లు అడిగే పీడీఎఫ్

సొంతంగా పుస్తకం వేసుకోవాలనుకున్న రచయిత ప్రెస్సుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే జవాబు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. "ఫాంట్లు ఎంబెడ్ చేసి, అట్టకి బ్లీడ్ ఇచ్చి, సీఎంవైకేలో పీడీఎఫ్ పంపండి సార్." రచయిత సరేనంటాడు. వర్డ్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చి పంపేస్తాడు. తన కంప్యూటర్లో చక్కగా కనిపించింది, ఫోన్లోనూ కనిపించింది, ఇంకేం కావాలి? కానీ తెర మీద బాగుండటం వేరు, ప్లేటు మీదికి సరిగ్గా ఎక్కడం వేరు. ప్రెస్సు అడిగిన మూడు మాటలకూ ఉన్న తేడా అదే.

ఒక కథల పుస్తకాన్నే తీసుకుందాం. 1/8 డెమ్మీ సైజు, అంటే కటింగ్ అయ్యాక అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. 208 పేజీలు, ఫారానికి పదహారు పేజీల చొప్పున సరిగ్గా పదమూడు ఫారాలు. లోపల అంతా నలుపు ఒక్కటే, అట్ట మాత్రం నాలుగు రంగులు. తెలుగులో వచ్చే కథల, కవిత్వం పుస్తకాల్లో చాలావాటి రూపం ఇదే. ఇలాంటి పుస్తకానికి పీడీఎఫ్‌లు రెండు కావాలి. లోపలి పేజీలకు ఒకటి, అట్టకు ఒకటి. రెంటినీ కలిపి ఒకే ఫైలుగా పంపితే మొదటి పని వాటిని విడదీయడమే అవుతుంది. ఎందుకంటే రెండూ వేరువేరు కాగితాల మీద, వేరువేరు ప్లేట్లతో, ఒక్కోసారి వేరువేరు యంత్రాల మీద అచ్చవుతాయి.

అక్షరం ఎక్కడుంది?

ముందుగా ఫాంట్ల సంగతి. తెలుగువాళ్లకు అసలు తలనొప్పి ఇక్కడే. పీడీఎఫ్‌లో "ఈ చోట ఫలానా ఫాంటులో ఫలానా అక్షరం వేయి" అన్న ఆదేశం ఉంటుంది. ఆ అక్షరం ఆకారం ఎలా ఉంటుందో చెప్పే ఫాంటు కూడా ఫైలులోనే ఉంటే ఎక్కడ తెరిచినా అదే బొమ్మ పడుతుంది. దాన్నే ఎంబెడ్ చేయడం అంటారు. ఫాంటు లోపల లేకపోతే తెరిచిన కంప్యూటరు తన దగ్గర ఆ పేరుగల ఫాంటు ఉందేమో వెతుక్కుంటుంది, దొరక్కపోతే తోచినదాన్ని పెట్టేస్తుంది. రచయిత కంప్యూటర్లో ఫాంటు ఎలాగూ ఉంటుంది కాబట్టి అక్కడ లోపం కనిపించదు. ప్రెస్సులో బయటపడుతుంది.

ఎలా బయటపడుతుందన్నది ఫాంటు రకాన్ని బట్టి ఉంటుంది. తెలుగు డీటీపీ చాలా ఏళ్లు పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడిచింది. ఇప్పటికీ నడుస్తున్న చోట్లు ఉన్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకని అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కల్ని, అంటే తలకట్లను, గుడులను, వత్తులను, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. కంప్యూటరు లెక్కలో అక్కడున్నది ఇంగ్లీషే, ఫాంటు తొడుగు వల్ల మనకు తెలుగుగా కనిపిస్తుంది. కనుక ఫాంటు ఎంబెడ్ కాని పీడీఎఫ్ అవతల తెరుచుకుంటే పేజీ నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, పొట్టి గీతలు కనిపిస్తాయి. ఒక రకంగా ఇది మంచిదే, ఎవరి కంటైనా ఇట్టే పడుతుంది.

పేజ్‌మేకర్‌లోనే పని చేసేవాళ్లు పీడీఎఫ్ చేయడానికి అక్రోబాట్ డిస్టిలర్ వాడతారు. అందులో Standard బదులు Press Quality ఎంచుకోవాలి. ఆ సెట్టింగులో ఫాంట్లన్నీ ఎంబెడ్ అవుతాయి. ఏదైనా ఒక ఫాంటు ఎంబెడ్ కాకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడం విసుగే గానీ, చెప్పకుండా ముందుకు వెళ్లిపోవడం కంటే నయం.

యూనికోడ్ ఫాంట్లతో వచ్చే తప్పులు ఇంత సులువుగా దొరకవు. మండలి, రామభద్ర, సురవరం, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వాటిని పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేసుకోవడానికి లైసెన్సు అడ్డురాదు. పుస్తకం వర్డ్‌లోనే తయారవుతుంటే Save As లో పీడీఎఫ్ ఎంచుకుని, Options లోకి వెళ్లి PDF/A compliant అన్న గడిలో టిక్కు పెట్టాలి. పీడీఎఫ్/ఏ అన్నది పత్రాలను దీర్ఘకాలం భద్రపరచడానికి పెట్టుకున్న ప్రమాణం, అచ్చుకోసం కాదు. కానీ ఫాంట్లన్నీ లోపలే ఉండాలన్నది దాని నియమం, మనకు కావలసిందీ అదే. అక్కడే Bitmap text when fonts may not be embedded అని మరో గడి ఉంటుంది. ఎంబెడ్ చేయడానికి అనుమతి లేని ఫాంటు తగిలితే ఆ అక్షరాలను బొమ్మగా మార్చేయమని దాని అర్థం. బొమ్మగా మారిన అక్షరం అచ్చులో అంచులు అలుక్కుపోయి కనిపిస్తుంది. పీడీఎఫ్‌ను 800 శాతానికి పెంచి చూస్తే సంగతి తేలిపోతుంది. అసలైన అక్షరం ఎంత పెంచినా నున్నగా ఉంటుంది, బొమ్మగా మారింది మెట్లుమెట్లుగా విడిపోతుంది.

ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్లకు తెలుగు వత్తులు విడిపోయి పక్కకు పడే ఇబ్బంది ఒకటి ఉంది. అది ఫాంటు తప్పు కాదు. పేరాగ్రాఫ్ కంపోజర్‌ను Adobe World-Ready Paragraph Composer గా మార్చకపోతే తెలుగు సంయుక్తాక్షరాలు కలవవు. దీన్ని పీడీఎఫ్ చేశాక సరిదిద్దలేం, ముందే చూసుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా, ప్రెస్సులో ఎవరో చిన్న అచ్చుతప్పు దిద్దడానికి పీడీఎఫ్‌ను కోరల్‌డ్రాలో టెక్స్ట్‌గా తెరిస్తే మళ్లీ వత్తులు చెదిరిపోయే ప్రమాదముంది. అందుకే అట్ట డిజైను విషయంలో "కర్వ్స్ చేసి పంపండి" అంటారు. అక్షరాలను గీతల ఆకారాలుగా మార్చేస్తే ఇక ఫాంటుతో పనే లేదు. అట్ట మీద పేరు, రచయిత పేరు, వెనక నాలుగు వాక్యాలు కాబట్టి అలా చేయడం మంచిదే. 208 పేజీల లోపలి భాగాన్ని కూడా కర్వ్స్ చేయమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దనే నా సలహా. ఫైలు విపరీతంగా బరువెక్కుతుంది, తర్వాత ఒక్క అక్షరం దిద్దాలన్నా కుదరదు. ఎంబెడ్ చేసిన ఫాంటు అక్కడ చాలు.

ఎంబెడ్ అయిందో లేదో చూసుకోవడానికి డబ్బు ఖర్చేమీ లేదు. ఉచితంగా దొరికే అక్రోబాట్ రీడర్‌లో ఫైలు తెరిచి Ctrl+D నొక్కి, Fonts అన్న చోట చూడాలి. ప్రతి ఫాంటు పేరు పక్కనా Embedded Subset అని గానీ, Embedded అని గానీ ఉండాలి. సబ్‌సెట్ అంటే పుస్తకంలో వాడిన అక్షరాల వరకే ఫాంటును లోపల పెట్టారని అర్థం, అది లోపం కాదు. జాబితాలో ఒక్క పేరు పక్కన ఆ మాట లేకపోయినా పంపకూడదు. చాలాసార్లు దొరికే దొంగ తెలుగు ఫాంటు కాదు. పేజీ నంబర్లకో, ఒక ఇంగ్లీషు మాటకో పొరపాటున మిగిలిపోయిన ఏరియల్ లాంటిది. లినక్స్ వాడేవాళ్లకు ఇదే పని ఒక్క ఆదేశంతో అయిపోతుంది:

```
pdffonts kathalu.pdf
```

వచ్చే పట్టికలో emb అన్న నిలువు వరుస కింద అన్నీ yes ఉండాలి.

నలుపు ఒక్కటే, కానీ ఏ నలుపు?

రంగుల గురించి చెప్పే చోట అందరూ అట్టతో మొదలుపెడతారు. నిజానికి ఎక్కువ పుస్తకాలు పాడయ్యేది లోపలి నలుపు దగ్గర.

తెర మీది రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయిక. అది ఆర్‌జీబీ. కాగితం మీద వెలుగు ఉండదు, సిరా ఉంటుంది. నీలి ఛాయ సయాన్, గులాబీ ఛాయ మెజెంటా, పసుపు, నలుపు అన్న నాలుగు సిరాలు, ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. అది సీఎంవైకే. తెర లెక్కలో నలుపంటే మూడు వెలుగులూ సున్నా. ఆ సున్నాను సిరాల్లోకి మార్చమంటే సాఫ్ట్‌వేరు నల్ల సిరా ఒక్కటే వేసి ఊరుకోదు, నాలుగింటినీ కలుపుతుంది. అడోబీ సాఫ్ట్‌వేర్లలో మామూలుగా ఉండే అమెరికన్ ప్రొఫైల్ ప్రకారం ఆ లెక్క ఇలా తేలుతుంది: సయాన్ 75 శాతం, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90.

ఇప్పుడు ఈ అంకెల్ని మన కథల పుస్తకానికి పెట్టి చూడండి. లోపల నల్ల సిరా ఒక్కటే. మొదటి మూడు ప్లేట్లు తియ్యరు, నలుపు ప్లేటు మాత్రమే తీస్తారు. దాని మీద అక్షరం 90 శాతం ఉంది. నూరు శాతం నలుపు అంటే గట్టి గీత. 90 శాతం అంటే గీత కాదు, దగ్గరదగ్గరగా ఉన్న చుక్కలు. పెద్ద శీర్షికలో తేడా తెలియదు. పదకొండు పాయింట్ల అక్షరంలో, అందులోనూ వత్తుల సన్నని కొసల దగ్గర, తలకట్టు వంపు దగ్గర ఆ చుక్కలు అంచును కొరికేస్తాయి. పుస్తకం చేతిలోకి వచ్చాక "అచ్చు ఎందుకో పలచగా ఉంది" అని రచయిత, "సిరా బాగానే పట్టించాం" అని ప్రెస్సువాళ్లు వాదులాడుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

అదే నాలుగు సిరాల నలుపు రంగుల పత్రికలోనో, పెళ్లి శుభలేఖలోనో పడితే మరో రూపంలో కనిపిస్తుంది. నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఏ ఒక్కటి కొంచెం జరిగినా ప్రతి అక్షరం పక్కనా ఎర్రటి నీడో, నీలి నీడో తేలుతుంది. రిజిస్ట్రేషన్ తప్పిందంటారు. అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే ఉండి ఉంటే, ప్లేట్లు జరిగినా వాటికేమీ కాదు.

ఈ నలుపు పుస్తకంలోకి ఎలా దూరుతుందో చెబితే పట్టుకోవడం సులువు. రచయిత వర్డ్‌లో రాసిన కథను డీటీపీ చేసే మనిషి ఇన్‌డిజైన్‌లోకి తెచ్చుకుంటాడు. వర్డ్‌లో అక్షరాలకు రంగు పెట్టి ఉంటే స్వాచెస్ జాబితాలో Word_R0_G0_B0 అన్న కొత్త పేరు చేరుతుంది. చూడటానికి నలుపే. కానీ అది తెర నలుపు. ఆ స్వాచ్‌ను తొలగించి, దాని స్థానంలో ఏం పెట్టాలని అడిగినప్పుడు [Black] అని చెబితే పుస్తకమంతా ఒక్క దెబ్బతో సరిపోతుంది. తర్వాత Window జాబితాలోని Output కింద Separations Preview తెరిచి, నలుపు పక్కనున్న కన్ను గుర్తును ఆపేయాలి. పేజీ మొత్తం ఖాళీ అయిపోతే మంచిది. అక్షరాలు గోధుమరంగులో దెయ్యాల్లా మిగిలాయంటే వాటిలో మిగతా సిరాలు ఉన్నట్టే. పీడీఎఫ్ అయిపోయాక చూడాలంటే అక్రోబాట్ ప్రోలో Output Preview ఇదే పని చేస్తుంది. ఉచిత రీడర్‌లో ఈ సదుపాయం లేదు.

ఇన్‌డిజైన్ లేనివాళ్లకు, లోపలంతా ఒకే రంగు అయినప్పుడు, ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మంచి దారి. పీడీఎఫ్‌ను సీఎంవైకేకి కాకుండా నేరుగా గ్రేకి మార్చేయాలి:

```
gs -o lopali-gray.pdf -sDEVICE=pdfwrite \
 -sColorConversionStrategy=Gray \
 -dProcessColorModel=/DeviceGray kathalu.pdf
```

తెర నలుపు ఇక్కడ సున్నా గ్రే అవుతుంది, అంటే ప్లేటు మీద నూరు శాతం నలుపు. రంగుల ఫొటోలు ఉంటే అవీ నలుపు తెలుపులోకి వస్తాయి. ముదురు దుస్తులూ చెట్ల నీడలూ ఒకే మచ్చగా కలిసిపోయాయేమో మారిన ఫైలు తెరిచి చూసుకోవాలి. ఒక్క జాగ్రత్త. ముదురు నీలం లాంటి రంగులో పెట్టిన అక్షరాలు గ్రేలో బూడిదరంగుకు దిగుతాయి, అంటే మళ్లీ చుక్కలే. మూల ఫైలులోనే వాటిని నలుపు చేసి రావాలి.

అట్ట లెక్క

బ్లీడ్ అంటే కటింగ్ గీతకు అవతల కూడా రంగును పొడిగించడం. బైండింగ్ అయిన పుస్తకాలను దొంతరగా పెట్టి మూడు వైపులా కత్తి వేస్తారు. కత్తి కింద దొంతర ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం మామూలే. డిజైను సరిగ్గా గీత దగ్గరే ఆగిపోయి ఉంటే, జరిగినప్పుడల్లా అట్ట అంచున తెల్లటి దారం లాంటి చార పడుతుంది. మూడు మిల్లీమీటర్లు అదనంగా ఉంటే కత్తి ఎక్కడ పడినా రంగు మీదే పడుతుంది. అదే కారణంతో లోపలి వైపు కూడా అయిదు మిల్లీమీటర్ల మేర అక్షరాలు, లోగోలు, రచయిత ఫొటోలో తల లాంటివి పెట్టకూడదు. మన లోపలి పేజీల్లో అంచుదాకా వెళ్లే బొమ్మలేవీ లేవు కాబట్టి వాటికి బ్లీడ్ అక్కర్లేదు. లేనిచోట ఇచ్చినా నష్టం లేదు, లాభమూ లేదు.

అట్టను ముందూ వెనకా రెండు ఫైళ్లుగా పంపడం చాలామంది చేసే పని. ప్రెస్సుకు కావలసింది విప్పి పరిచిన ఒకే పేజీ: ఎడమవైపు వెనక అట్ట, మధ్యలో వెన్ను, కుడివైపు ముఖచిత్రం. కొత్తవాళ్లు ముఖచిత్రాన్ని ఎడమవైపు పెట్టేస్తుంటారు. పుస్తకాన్ని బోర్లా తెరిచి, అట్ట పైకి కనిపించేలా బల్ల మీద పెడితే ఏది ఎటో తెలిసిపోతుంది.

వెన్ను మందం మీరు ఊహించేది కాదు. 208 పేజీలంటే 104 కాగితాలు, వాటి మందం ప్రెస్సులో వాడే కాగితాన్ని బట్టి మారుతుంది. అదే 70 జీఎస్ఎం అని రాసి ఉన్నా ఒక మిల్లు కాగితం మెత్తగా, ఉబ్బుగా ఉంటుంది, మరొకటి నొక్కినట్టు పలచగా ఉంటుంది. కాగితం ఖాయమయ్యాక అదే కాగితంతో ఖాళీ డమ్మీ కట్టి స్కేలుతో కొలిచి చెప్పమనాలి. మన పుస్తకానికి పది మిల్లీమీటర్లని చెప్పారనుకుందాం.

అయిదున్నర అంగుళాలంటే 139.7 మిల్లీమీటర్లు. రెండు అట్టలూ కలిపి 279.4. వెన్ను పది కలిపితే 289.4. ఇది కత్తిరించిన సైజు. రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్ల బ్లీడ్ చేరిస్తే 295.4. ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 215.9, దానికి ఆరు కలిపితే 221.9. డిజైను సాఫ్ట్‌వేరులో పేజీ సైజు 289.4 × 215.9 అని పెట్టి, బ్లీడ్ గడిలో నాలుగు వైపులా 3 అని రాయాలి. 295.4 వెడల్పుతో పేజీ తెరిచి, బ్లీడ్ లేదని వదిలేస్తే కత్తి ఎక్కడ వేయాలో ఫైలు చెప్పదు. సరిగ్గా చేసిన పీడీఎఫ్‌లో ఈ రెండు కొలతలూ ట్రిమ్ బాక్స్, బ్లీడ్ బాక్స్ అన్న పేర్లతో విడివిడిగా దాగి ఉంటాయి.

పీడీఎఫ్ ఎగుమతి చేసేటప్పుడు మరో చిక్కు. పేజీకి బ్లీడ్ ఇచ్చినా ఎగుమతి తెరలో దాన్ని కలపమని విడిగా చెప్పాలి. ఇన్‌డిజైన్‌లో Marks and Bleeds కింద Use Document Bleed Settings, కాన్వాలో PDF Print ఎంచుకున్నాక Crop marks and bleed. ఈ టిక్కు మరిచిపోయి, బ్లీడ్ ఇచ్చానని ప్రమాణం చేసేవాళ్లు కోకొల్లలు. వర్డ్‌లో మాత్రం ఇలాంటి ఏర్పాటే లేదు. సీఎంవైకే కూడా లేదు. వర్డ్‌లో లోపలి పేజీలు చేసుకోవచ్చు, అట్ట చేయకండి. ఖర్చు పెట్టలేని వాళ్లకు స్క్రైబస్ ఉంది. ఉచితం, బ్లీడ్ తెలుసు, సీఎంవైకే తెలుసు. మండలి లాంటి యూనికోడ్ తెలుగు ఫాంటుతో వత్తులు సరిగ్గా రావాలంటే కొత్త వెర్షనే వాడాలి.

అట్ట రంగులు తెర మీద ఉన్నంత మెరుపుతో రావు. ధగధగలాడే నీలం అచ్చులో ఊదా వైపు వాలుతుంది, చిలకపచ్చ కాస్త నల్లబడుతుంది. అందుకే డిజైను మొదటి నుంచే సీఎంవైకేలో చేస్తే ఆశాభంగం మొదట్లోనే అయిపోతుంది. అట్టంతా నలుపు కావాలంటే మాత్రం లోపలి పేజీల సూత్రం తలకిందులవుతుంది. విశాలమైన చోట ఒక్క నల్ల సిరా వెలిసిన బొగ్గులా ఉంటుంది. అక్కడ సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 వంటి మిశ్రమం చిక్కగా కూర్చుంటుంది. దాని మీద సన్నని తెల్ల అక్షరాలు పెట్టొద్దు. ప్లేటు కొంచెం జరిగినా వత్తులు పూడిపోతాయి.

ఇంతా వివరించాక ఒక మాట. ఎగుమతి జాబితాలో [PDF/X-1a:2001] అనే సెట్టింగు ఉంటే, ప్రెస్సు వేరే చెప్పకపోతే, అట్టకు అదే వాడండి. ఫాంట్లన్నీ లోపల ఉండాలని, ఆర్‌జీబీ ఉండకూడదని, ట్రిమ్ కొలత ఉండి తీరాలని ఆ ప్రమాణమే నిర్బంధిస్తుంది. అయితే బ్లీడ్‌ను అది మీ తరఫున కలపదు, నాలుగు సిరాల నల్ల అక్షరాన్నీ తప్పుపట్టదు. ఆ రెండూ మీరే చూసుకోవాలి.

ఫైలును వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంట్‌గా పంపండి. అట్టను ఫొటోగా పంపితే కుదించుకుపోయి వెళుతుంది, అవతల దాన్నే సాగదీసి వేసేస్తారు. కాపీలన్నీ వేయించే ముందు, అచ్చుకు వెళ్లే అదే పీడీఎఫ్ నుంచి అట్టకు ఒక కలర్ ప్రూఫ్, లోపలి ఒక ఫారానికి ప్రింటు అడిగి తీసుకోండి. ప్లేట్లు తీశాక దొరికిన తప్పుకు మళ్లీ ప్లేట్ల ఖర్చు మీదే.